గేట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు, ఇప్పుడు స్పిండిల్ దగ్గర కూడా కారుతోంది, బాల్ వాల్వ్‌కి మార్చేయాలా?

వానచినుకు
అందరికీ నమస్తే. పైన ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద 1 అంగుళం ఇత్తడి గేట్ వాల్వ్ ఉంది, ఎర్ర చక్రం ఉండే మామూలు రకం. ఏళ్ల తరబడి తెరిచే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మొన్న వంటగది కుళాయి మారుద్దామని మూస్తే చక్రం బిగుసుకుని ఆగిపోయింది గానీ నీళ్లు ఆగలేదు, కుళాయిలోంచి సన్నటి ధార వస్తూనే ఉంది. సరేలే అని మళ్లీ తెరిచేశాం. అప్పట్నుంచి చక్రం కింద స్పిండిల్ చుట్టూ చెమ్మ, ఇవాళ చూస్తే బొట్లు పడుతున్నాయి. ఇంతకుముందు అక్కడ చుక్క కూడా లేదు.

ఈ రెండూ ఒకే సమస్యా, వేరువేరా? ప్లంబర్ వచ్చి "బాల్ వాల్వ్ వేసేయండి, గొడవ వదిలిపోద్ది" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు, ఎందుకని అడిగితే "అది బాగుంటది" అన్నాడు. ట్యాంకుకీ ఈ వాల్వుకీ మధ్యలో ఇంకో వాల్వ్ లేదు, అంటే దీన్ని విప్పాలంటే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే.

టర్బో
సింపుల్ అక్కా. చక్రానికి పైప్ రెంచ్ పట్టించి ఇంకో సగం చుట్టు గట్టిగా బిగించు, గేటు కూర్చుంటుంది. స్పిండిల్ దగ్గర లీకుకి పైన ఉన్న నట్ టైట్ చెయ్యి, అంతే. లేదంటే బయట టెఫ్లాన్ టేప్ చుట్టెయ్.

పాతపానా
టర్బో తమ్ముడు చెప్పినదాంట్లో నట్ మాట సగం కరెక్ట్. రెంచ్ మాట మాత్రం దయచేసి వినొద్దమ్మా. ఆ సైజు వాల్వులో స్పిండిల్ ఇత్తడిది, దాని మర గేటు లోపల ఉన్న మరలో తిరుగుతుంది. చేత్తో బిగించడానికి చేసిన చక్రం అది. రెంచ్ పెడితే ఆ మర తెగిపోతుంది, తర్వాత చక్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది, గేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సగం మూసిన స్థితిలో తెగిందంటే ఇల్లంతా నీళ్లు సన్నగా వస్తాయి, మూయనూ లేరు తెరవనూ లేరు. పాత ఇత్తడి అయితే ఇంకో బాధ, నీళ్లకి అందులోని జింకు కరిగిపోయి రాగి రంగు తిరిగి పెళుసుబారుతుంది, అలాంటి స్పిండిల్ బిస్కెట్టులా విరుగుతుంది.

బయట టేప్ చుట్టడం వల్ల కూడా ఏం ఉండదు. నీళ్లు వచ్చేది స్పిండిల్‌కీ నట్‌కీ మధ్య సందులోంచి, ఒత్తిడితో. పైన అంటించింది నిలవదు.

వానచినుకు గారూ, మీవి రెండు వేరు సమస్యలే గానీ కారణం ఒకటే, ఏళ్లు కదలకుండా ఉండటం. ముందు రెండు సంగతులు చూసి చెప్పండి. చక్రం తిప్పుతుంటే స్పిండిల్ పైకి లేస్తుందా, లేక ఉన్నచోటే గిరగిరా తిరుగుతుందా? పూర్తిగా తెరిచిన దగ్గర్నుంచి బిగుసుకునేదాకా ఎన్ని చుట్లు పడుతున్నాయి? అదే సైజు, అదే రకం వాల్వ్ ఇంట్లో ఇంకెక్కడైనా ఉంటే దాన్ని కూడా లెక్కపెట్టండి. తిప్పేటప్పుడు మాత్రం చేతి బలమే.

గోరింటాకు
మా ట్యాంకులో కూడా ఇదే ప్రాబ్లమ్ అండీ, ట్యాంకు నిండినా ఆ బంతి పైకి లేవక నీళ్లు పొంగి కారిపోతున్నాయి. బంతి మార్చాం, మళ్లీ అదే. కాబట్టి బాల్ వాల్వ్ ఎక్కువకాలం వస్తుందంటే నేను నమ్మను.

పాతపానా
గోరింటాకు గారూ, మీరు చెప్పేది ట్యాంకు లోపల తేలే బంతి ఉండే వాల్వ్, నీళ్లు నిండితే దానంతట అదే మూసేది. ఇక్కడ మాట్లాడేది లీవర్ పావు చుట్టు తిప్పితే మూసుకునే వాల్వ్. మీ దాంట్లో బంతికి చిల్లి పడి లోపలికి నీళ్లు చేరాయేమో చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి, అది సరిగ్గా ఉంటే లోపలి చిన్న వాషర్ చూడండి. వేరే టాపిక్ పెట్టండి, వస్తాను.

వానచినుకు
చూశాను. స్పిండిల్ పైకి లేవట్లేదు, ఉన్నచోటే తిరుగుతోంది. చుట్లు లెక్కపెడితే సుమారు 5న్నర దగ్గర బిగుసుకుంది. బాత్రూం లైన్ మీద అచ్చం ఇలాంటిదే ఇంకోటి ఉంది, దానికి 6 చుట్లు పైనే పట్టింది, అది బాగానే మూసుకుంటోంది. చెడిపోయినదాంట్లో చివర్లో గట్టిగా ఠక్కున ఆగట్లేదు, ఏదో మెత్తటిదాన్ని నొక్కుతున్నట్టు కరకరమంటూ ఆగుతోంది.

పాతపానా
చాలా బాగా చూశారు, ఆ కరకరే సగం జవాబు.

గేట్ వాల్వ్ బాడీ లోపల అడుగున ఒక గాడి ఉంటుంది, గేటు దిగి కూర్చునే చోటు. వాల్వ్ తెరిచి ఉన్నన్ని ఏళ్లూ నీళ్లలో వచ్చే ఇసుక, తుప్పు పెచ్చులు, సున్నపు గార ఆ గాడిలోకి జారి అక్కడే ఉండిపోతాయి, నీళ్లు మీదనుంచి వెళ్లిపోతాయి కాబట్టి కొట్టుకుపోవు. మీరు మూసినప్పుడు గేటు ఆ మట్టి మీద కూర్చుంది, అడుగుకి చేరలేదు.

ఇక్కడ చాలామంది అడిగేది, కొంచెం పైన ఆగితే ఏమవుతుంది, గేటు అంచు ఎలాగూ రంధ్రం కంటే పెద్దదే కదా అని. గేటు పలకలా సమానంగా ఉండదు, పైన మందంగా కింద పలచగా ఉండే చీలలాంటిది, రెండు ఏటవాలు సీట్ల మధ్య దిగి ఇరుక్కుంటేనే రెండు వైపులా ఆనుతుంది. అర చుట్టు తక్కువ దిగిందంటే ఆ సైజులో సుమారు రెండు మిల్లీమీటర్లు పైన ఉన్నట్టు, అప్పుడు రెండు వైపులా చుట్టూ వెంట్రుక సందు మిగులుతుంది. మీకు వచ్చే సన్నటి ధార ఆ సందులోంచే.

అదే చుట్లు సరిసమానంగా పట్టి, చివర్లో గట్టిగా ఠక్కున ఆగి, అయినా నీళ్లు వస్తుంటే అప్పుడు సీటో గేటు ముఖమో అరిగిపోయినట్టు, దానికి మందు లేదు, మార్చడమే. చుట్లకి అంతే లేకుండా తిరుగుతుంటే మర తెగినట్టు. మీది మొదటి రకం, కాబట్టి ప్రయత్నించి చూడొచ్చు.

చేయాల్సింది ఇదీ. ఆ లైన్లో బాగా కిందున్న కుళాయి ఒకటి ఫుల్‌గా తెరవండి, కుళాయి మూతికి జాలీ ఉంటే తీసేయండి, లేకపోతే వచ్చే చెత్తంతా దాంట్లో ఇరుక్కుంటుంది. ఇప్పుడు వాల్వ్ మూస్తూ రండి, బిగుసుకునే దగ్గరికి వచ్చాక పావు చుట్టు వెనక్కి తిప్పి కాసేపు ఆగండి. సందు చిన్నదైంది కాబట్టి నీళ్లు గాడి మీదుగానే జోరుగా దూకుతాయి, అడుగున ఉన్నది కదులుతుంది. తర్వాత రెండు చుట్లు తెరవండి, కదిలింది కొట్టుకుపోతుంది. మళ్లీ మూయండి. ఇలా కొన్నిసార్లు చేస్తే కుళాయిలో నీళ్లు ఎర్రగానో బూడిద రంగులోనో వచ్చి మళ్లీ తేటపడతాయి. ప్రతిసారీ ఎన్ని చుట్ల దగ్గర ఆగుతోందో చూడండి, 6కి దగ్గరవుతుంటే పని జరుగుతున్నట్టే.

మిద్దెతోట
నా గోల కూడా వినండి. తోటకి నీళ్లు సన్నగా వెళ్లాలని గేట్ వాల్వ్ ఎప్పుడూ కొద్దిగా మాత్రమే తెరిచి వదిలేసేవాళ్లం, రెండేళ్లకే పూర్తిగా మూసినా నీళ్లు ఆగడం మానేసింది. విప్పి చూస్తే గేటు కింది అంచు ఎలుక కొరికినట్టు గాట్లు గాట్లుగా ఉంది, సీటు మీద కూడా గీతలు. అందరూ చెప్పారని బాల్ వాల్వ్ పెట్టి దాన్నీ అలాగే పావు వంతు తెరిచి వాడుతున్నాం, అది కూడా ఇప్పుడు బొట్లు కారుస్తోంది. మరి ఎక్కువకాలం వచ్చేది ఎక్కడండీ?

పాతపానా
మీ రెండు కేసుల్లోనూ నేరం వాల్వుది కాదు. గేటూ బాలూ రెండూ పూర్తిగా తెరవడానికీ పూర్తిగా మూయడానికీ తయారైనవే, సగంలో ఆపడానికి కాదు. సన్నటి సందులోంచి నీళ్లు వేగంగా దూకితే దాంతోపాటు వచ్చే ఇసుక ఇత్తడి అంచునే కోస్తుంది, ఇక బాల్ వాల్వులో బంతికి ఆనుకుని ఉండేది టెఫ్లాన్ రింగు, అది ఇంకా మెత్తన, ఒకే చోట ధార తగిలితే అక్కడే పల్లం పడుతుంది. సన్నగా వదలాలంటే గ్లోబ్ వాల్వ్ పెట్టుకోండి, దాంట్లో వాషర్ పైనుంచి దిగి సీటు మీద కూర్చుంటుంది, అరిగితే ఆ వాషర్ మార్చుకోవచ్చు. ముందు ఒక బాల్ వాల్వ్, దాని తర్వాత గ్లోబ్ పెట్టారంటే మూయడం ఒకదానిది, తగ్గించడం ఇంకోదానిది.

టర్బో
అయితే మొత్తానికి బాల్ వాల్వే బెస్ట్ అని ఒప్పుకున్నారుగా అన్నా 😄 నేను మా ఇంట్లో అన్నీ బాల్‌కి మార్చేశా, ఇక జీవితంలో చూడక్కర్లేదు.

రాత్రిడ్యూటీ
జీవితంలో చూడక్కర్లేదంటే నేనొప్పుకోను. పెద్ద భవనంలో మెయింటెనెన్స్ చూస్తాను నేను, మా దగ్గర బిగుసుకుపోయిన బాల్ వాల్వులు కూడా బోలెడు. సున్నం ఎక్కువుండే నీళ్లు వచ్చే చోట ఏళ్లు తిప్పకుండా వదిలేస్తే బంతి మీద సున్నం పట్టి లీవర్ కదలదు, పైపు తొడిగి బలవంతంగా తిప్పితే స్పిండిల్ మెడ దగ్గర మెలితిరిగిపోతుంది. పైకి లీవర్ అడ్డంగా తిరిగి మూసినట్టే కనిపిస్తుంది, లోపల బంతి అలాగే తెరిచి ఉంటుంది. నేను ఆరు నెలలకోసారి అన్నింటినీ ఓసారి మూసి తెరుస్తాను, గేట్లయినా సరే బాళ్లయినా సరే.

ఇంకోటి, బాల్ వాల్వ్ ఠపీమని మూస్తే పైపులో ధడ్‌మని కొట్టుకుంటుంది. పొడుగు లైన్లలో ఆ దెబ్బకి జాయింట్లు వదులవుతాయి. గేటుకి ఆ గొడవ లేదు, నిదానంగానే మూసుకుంటుంది. మా 4 అంగుళాల మెయిన్ల మీద ఇప్పటికీ గేట్లే, కాకపోతే కొత్త రకం, గేటు మొత్తానికి రబ్బరు తొడుగు ఉంటుంది, అడుగున గాడి ఉండదు, నున్నగా పైపు అడుగులాగే ఉంటుంది కాబట్టి మట్టి చేరే చోటే లేదు.

వానచినుకు
అప్‌డేట్. పాతపానా గారు చెప్పినట్టే చేశాం. మొదటిసారి నీళ్లు ఇటుక రంగులో వచ్చాయి, బకెట్ అడుగున గవ్వ పెంకుల్లా తెల్లటి పెచ్చులు, సన్న ఇసుక. చేసేకొద్దీ చక్రం కొంచెం కొంచెం ఎక్కువ తిరిగింది, ఇప్పుడు 6కి అటూ ఇటూగా ఆగుతోంది. ధార పోయింది, మూస్తే కుళాయిలో చాలాసేపటికి ఓ చుక్క పడుతోంది అంతే. కుళాయి మార్చుకోవడానికి ఇది చాలు.

కానీ ఇన్నిసార్లు తిప్పేసరికి స్పిండిల్ దగ్గర లీకు పెరిగింది. నట్ బిగించమంటారా? చక్రం కింద రెండు నట్లు కనిపిస్తున్నాయి, పైది చిన్నది, కింద పెద్ద షట్కోణం.

పాతపానా
చిన్నదే. పెద్దదాన్ని ముట్టుకోవద్దు, అది మూత, లైన్లో నీళ్లుండగా అది వదులైతే మీరు తడిసిపోవడం కాదు, ట్యాంకు మొత్తం దిగేదాకా ఆగదు.

చిన్నది గ్లాండ్ నట్. దాని కింద స్పిండిల్ చుట్టూ తాడులాంటి ప్యాకింగ్ ఉంటుంది, నట్ బిగిస్తే అది నలిగి స్పిండిల్‌కి హత్తుకుంటుంది. ఏళ్లు కదలకపోతే ఎండి గట్టిపడి ఉన్న ఆకారంలోనే ఉండిపోతుంది, స్పిండిల్ మీద పట్టిన గార తిరిగినప్పుడు దాన్ని గీకేస్తుంది, అందుకే ముట్టుకోనంతకాలం బాగుండి ముట్టుకోగానే కారడం మొదలైంది. అది మామూలే.

బాడీని ఒక పానాతో కదలకుండా పట్టుకోండి, ఇంకో పానాతో గ్లాండ్ నట్‌ని చుట్టులో ఎనిమిదో వంతు బిగించండి. గుడ్డతో తుడిచి కొన్ని నిమిషాలు చూడండి. కారుతుంటే ఇంకో ఎనిమిదో వంతు. చక్రం చేత్తో తిరిగేలా ఉండాలి, మరీ బరువెక్కితే ఎక్కువైనట్టు. టర్బో చెప్పినట్టు ఒకేసారి లాగి బిగిస్తే ఆ ఎండిన ప్యాకింగ్ పొడిపొడి అవుతుంది, నట్ పగిలినా పగులుతుంది.

టర్బో
ఓకే ఓకే, నట్ అనే చెప్పాను కదన్నా, ఎంత అనేది చెప్పలేదు అంతే.

బాయిలర్‌రూమ్
నట్ అడుగంటిపోయి ఇంకా కారుతుంటే ప్యాకింగ్ మార్చాలి. ట్యాంకు ఖాళీ చేయక్కర్లేదు. వాల్వ్‌ని పూర్తిగా తెరిచి గట్టిగా పట్టేస్తే స్పిండిల్ మీద ఉన్న భుజం మూత లోపలికి ఆనుకుని నీళ్లని అక్కడే ఆపుతుంది, అప్పుడు నట్ తీసి కొత్త తాడు వేసుకోవచ్చు. మా ప్లాంటులో అలాగే చేస్తాం.

పాతపానా
మీ ప్లాంటులో స్పిండిల్ పైకి లేచే వాల్వులు సార్. ఆ భుజం పనిచేసేది స్పిండిల్ పైకి వచ్చే రకంలోనే. వానచినుకు గారిదాంట్లో స్పిండిల్ ఉన్నచోటే తిరుగుతుంది, గేటు మాత్రమే దాని మర మీద పైకి ఎక్కుతుంది, కాబట్టి ఎంత తెరిచినా స్పిండిల్ దగ్గర కొత్తగా ఆనేదేమీ ఉండదు. అందుకే మొదట్లోనే అది అడిగాను. అసలు పైకి లేచే రకమైనా, పాతవాటిలో ఆ భుజం మీద గార పట్టి ఉంటే సరిగ్గా ఆనదు, దాన్ని నమ్మి ఒత్తిడి మీద నట్ తీయమని ఇంట్లోవాళ్లకి నేను చెప్పను.

బాయిలర్‌రూమ్
అది పాయింటే. పైకి లేవదని చెప్పిన లైను చూసుకోలేదు. అయినా మా దగ్గర ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, శుభ్రంగా ఉన్న వాల్వ్ అయితే పని చేస్తుందనే నా మాట.

బాల్ గురించి కూడా ఒకటి చెప్తా. ఆవిరి లైన్ల మీద మామూలు బాల్ వాల్వ్ పెట్టొద్దు, లోపలి టెఫ్లాన్ రింగులు వేడికి మెత్తబడి ఒత్తిడికి ఆకారం మారిపోతాయి. ఇంట్లో వేడినీళ్లకైతే ఫర్వాలేదు.

వానచినుకు
రెండుసార్లు ఎనిమిదో వంతు చొప్పున బిగించాక బొట్లు ఆగాయి. తర్వాత రోజు మళ్లీ చెమ్మ. ఇంకొంచెం బిగిద్దామంటే నట్‌కి ఇక మర లేదు, కింద ఆనేసింది.

ఇప్పుడు నా ముందు రెండు దారులు. ట్యాంకు ఎలాగూ కడిగేది ఉంది, ఖాళీ అవుతుంది. అప్పుడు ప్యాకింగ్ మార్చనా, ఏకంగా బాల్ వాల్వ్ పెట్టేయనా? బాల్ ఎందుకు ఎక్కువకాలం వస్తుందో మాత్రం ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

పాతపానా
మీ వాల్వ్ చెడిన రెండు చోట్లే తీసుకోండి.

ఒకటి, గాడి. బాల్ వాల్వులో అడుగున దిగి కూర్చునే గేటే లేదు. బంతికి అడ్డంగా రంధ్రం, తెరిచినప్పుడు రంధ్రం పైపుతో వరసలో ఉంటుంది, నీళ్లు నేరుగా వెళ్లిపోతాయి. మూసేటప్పుడు బంతి ఒళ్లు టెఫ్లాన్ రింగుకి ఒరుసుకుంటూ తిరుగుతుంది, దాని మీద మట్టి ఉంటే ఆ ఒరిపిడికే తుడుచుకుపోతుంది. పైగా తెరిచి ఉన్నప్పుడు, మూస్తే నీళ్లకి అడ్డం నిలిచే ముఖం పక్కకి తిరిగి ఉంటుంది, ధార దాని మీదికి రాదు. గేటులో సీట్లు ఎప్పుడూ ధార పక్కనే ఉంటాయి.

రెండు, స్పిండిల్. గేటు ఒకసారి మూసి తెరవాలంటే మీ దాంట్లో పన్నెండు చుట్లు, అన్నిసార్లూ ప్యాకింగ్ ఒరుసుకుంటుంది. బాల్‌కి అటు పావు, ఇటు పావు. లోపల తిరిగే మర కూడా లేదు, కాబట్టి గార పట్టి తెగిపోయేదీ లేదు. లీవర్ పైపుతో పాటు ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు, చుట్లు లెక్కపెట్టే పని లేదు. రాత్రిడ్యూటీ గారు చెప్పిన మెలితిరిగిన స్పిండిల్ ఒక్కటే దీనికి మినహాయింపు.

మీ దాంట్లో గాడి శుభ్రమైంది గానీ చుక్క ఇంకా పడుతోంది, అంటే సీటు మీద కూడా కొంత గీత ఉండొచ్చు. ప్యాకింగ్ మారిస్తే స్పిండిల్ లీకు పోతుంది, చుక్క పోదు. ట్యాంకు ఖాళీ చేయడం అసలు కష్టం, అది ఎలాగూ జరుగుతోంది కాబట్టి నేనైతే మార్చేస్తాను.

కొనేటప్పుడు ఫుల్ బోర్ అడగండి, కొన్నింటిలో బంతి రంధ్రం పైపు కంటే చిన్నగా ఉంటుంది, ట్యాంకు ఒత్తిడి ఎలాగూ తక్కువ కాబట్టి పై అంతస్తులో తేడా తెలుస్తుంది. లీవర్ పావు చుట్టు తిరగడానికి గోడ అడ్డం రాకుండా చూసుకోండి. రెండు వాల్వుల పొడవు ఒకటే ఉండదు, పాతదాని చోట కొత్తది సరిగ్గా కూర్చోదు, అందుకని పక్కనే ఒక యూనియన్ పెట్టించండి, ఇంకోసారి పైపు కోయకుండా విప్పుకోవచ్చు. మీ పైపు ప్లాస్టిక్ అయితే దాని మర ఇత్తడి వాల్వులోకి చేత్తో బిగించాక ఒకటి ఒకటిన్నర చుట్టుతో ఆపమనండి, మరీ బిగిస్తే ఇవాళ కాకపోయినా తర్వాత చీలుతుంది.

మిద్దెతోట
ప్యాకింగ్ మార్చాలనుకునేవాళ్లకి, దుకాణంలో గ్లాండ్ తాడు దొరక్కపోతే టెఫ్లాన్ టేప్‌నే పురిపెట్టి దారంలా చేసి స్పిండిల్ చుట్టూ నట్ బిగిసే వైపే చుట్టి నట్ వేశాను, బాగానే ఉంది. ఇది కరెక్టేనా పాతపానా గారూ?

పాతపానా
చల్లనీళ్లకి నడుస్తుంది, నేనూ చేశాను. చుట్టే దిక్కు మీరు చెప్పిందే, లేకపోతే నట్ బిగిస్తుంటే ఊడి వస్తుంది. పాత ప్యాకింగ్ మొత్తం తీశాకే వేయాలి. బాగా పాత వాల్వ్ అయితే ఆ పాత తాడులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గీకి దుమ్ము లేపొద్దు, తడిపి తీసి కవర్లో కట్టి పడేయండి.

రాత్రిడ్యూటీ
ఒక్క మాట నాది కూడా. ట్యాంకు కిందే పెడుతున్నారు కాబట్టి ఇంకొన్నాళ్లకి ఈ బాల్ వాల్వ్ కూడా ఎప్పుడో విప్పాల్సి వస్తే మళ్లీ ట్యాంకు ఖాళీయే. ట్యాంకు మూతి దగ్గర ఒకటి, కింద ఒకటి, రెండు పెట్టించేయండి.

పాతపానా
ఒక లైన్ మీద రెండు వాల్వులంటే లీకయ్యే చోట్లు కూడా రెండు. పైది ఎవరూ తిప్పరు, అదే బిగుసుకుంటుంది. నాకైతే ఒక్కటి చాలనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ
తిప్పకపోతే బిగుసుకుంటుంది, తిప్పితే బిగుసుకోదు. నేను రెండే పెట్టిస్తాను.

వానచినుకు
మీరిద్దరూ తేల్చుకునేలోపు నేను ఒక బాల్ వాల్వ్, ఒక యూనియన్ రాసుకున్నాను. పైపు సీపీవీసీ. ట్యాంకు మూతి దగ్గర చెయ్యి పట్టేంత చోటు ఉందో లేదో చూసి రెండోదాని సంగతి చెప్తాను.